వర్గోత్తమం కోసం అరగంట ఆలస్యంగా పుట్టాను

పెళ్ళిచూపుల్లో పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. పిల్ల ముందు కాఫీ ఒళ్ళో ఒలకబోసుకున్నవాళ్ళున్నారు, పెళ్ళికూతురనుకుని పక్కింటి వదినగారిని చూసి నవ్వినవాళ్ళున్నారు. తను పుట్టిన వేళను అరగంట ఆలస్యం చేసుకుని, ఆ అరగంటలో పీకలదాకా కూరుకుపోయినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం మొదలూ చివరా చెప్తాను. మొహమాటపడకుండా నవ్వండి, మా ఇంట్లో ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నారు.

ఎనభైల మొదట్లో మాట. నేను చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాని. రోజూ పర్చూరు పక్కన మా ఊరి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మిరపకాయల రోజులొస్తే ఆ బస్సు ప్రయాణం ఒక పరీక్ష. ఎవరో ఒకరు సీటు కింద ఒక మిరపకాయ టిక్కీ, అంటే బస్తా, దూర్చేవాళ్ళు. ఇక డ్రైవరుతో సహా అందరం తుమ్ముతూనే ఊరు చేరేవాళ్ళం. అలాంటి ఒక సాయంత్రం నేను ఊపిరాడక తుమ్ముతుంటే ముందు సీట్లోంచి ఒకమ్మాయి లేచింది.

"ఇట్టా కిటికీ పక్కకి రండి. లేకపోతే దిగేలోపు మీ ముక్కు మీకు మిగలదు," అంది.

ఆ అమ్మాయి పేరు సరళ. మార్టూరు దగ్గర ఒక ఊరి బడిలో టీచరు. తనకు దొరికిన కిటికీ సీటును తుమ్మేవాడికి వదిలిపెట్టే మనిషి మళ్ళీ దొరకదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే అనుకున్నాను. ఆ తర్వాత నెలరోజులు మిరపకాయలు లేనప్పుడు కూడా తుమ్మాను.

మా మిల్లులో లెక్కలు చూసే పానకాలు గారు వాళ్ళ ఊరివాడే. సిగ్గు విడిచి ఆయనకు చెప్పాను. ఆయన వెళ్ళి మాట్లాడి వచ్చి, ముఖం వేలాడేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పిల్లకి ఇష్టమేనయ్యా. పిల్ల తల్లిదండ్రులకీ అభ్యంతరం లేదు. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది తాతది. శేషయ్య గారని రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకి జాతకాల పిచ్చి. పైరుకి మందు కొట్టాలన్నా హోర చూసుకునే కొడతాడు."

"చూసుకోనివ్వండి. నా జాతకానికేం తక్కువ?"

"ఆయన అందరిలాగా గుణాలు లెక్కపెట్టి ఊరుకోడయ్యా. ఒక్క వర్గోత్తమం కూడా లేని జాతకానికి మా పిల్లనివ్వను అంటాడు. ఇప్పటికి నలుగుర్ని అట్టాగే పంపించేశాడు."

వర్గోత్తమం అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. ఏదో పెద్ద ఉద్యోగం పేరులా వినిపించింది. ఆ ఆదివారమే గుంటూరు వెళ్ళి, బస్టాండు బయట పాత పుస్తకాల గుట్టలోంచి అట్టలేని జ్యోతిషం పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. మధ్యలో కొన్ని పేజీలు లేవు. అమ్మినవాడు శనగలు పొట్లం కట్టుకుని ఉంటాడు. ఉన్న పేజీలు చాల్లే అనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది.

మీకు కూడా కాస్త పాఠం చెప్పాలి, లేకపోతే నేనెంత తెలివితక్కువ పని చేశానో మీకు పూర్తిగా అందదు. జాతకంలో మామూలుగా మనం చూసేది రాశి చక్రం, పన్నెండు గదులది. ఒక్కో రాశికి ముప్ఫై డిగ్రీలు. ఆ ముప్ఫైని తొమ్మిది సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మూడుంబావు డిగ్రీలకి చిటికెడు ఎక్కువ వస్తుంది. అదే నవాంశ. నక్షత్రంలో ఒక పాదం అన్నా అదే కొలత. ఒక్కో ముక్క మళ్ళీ ఒక్కో రాశికి చెందుతుంది. గ్రహం ఏ ముక్కలో ఉందో చూసి, ఆ రాశి గదిలో రాస్తూ రెండో చక్రం వేస్తారు. అది నవాంశ చక్రం. రాశి చక్రంలో ఏ రాశిలో ఉందో నవాంశలో కూడా అదే రాశిలో పడ్డ గ్రహం వర్గోత్తమం. దానికి సొంత ఇంట్లో ఉన్నంత బలం వస్తుందని చెప్తారు. పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి లగ్నం. ఆ లగ్నమే వర్గోత్తమమైతే మనిషికి ఆరోగ్యం, పేరు, నిలకడ ఉంటాయట.

మేషం, కర్కాటకం, తుల, మకరం చర రాశులు. వాటిలో మొదటి ముక్క వర్గోత్తమం. మిథునం, కన్య, ధనుస్సు, మీనం ద్విస్వభావ రాశులు. వాటిలో చివరి ముక్క. ఇక్కడిదాకా నా పుస్తకంలో ఉంది. మిగిలిన నాలుగు స్థిర రాశుల సంగతి శనగల పొట్లంతో పోయింది. పోతే పోయింది, స్థిర రాశులకు ఈ యోగం ఉండదు కాబోలని నేనే తీర్మానించాను. శాస్త్రం చదవడం మొదలుపెట్టిన వారానికే శాస్త్రానికి నియమాలు చేసిన మహానుభావుణ్ణి నేను.

మా ఊరి పురోహితుడు వేసిన జాతకంలో రాశి చక్రం ఒక్కటే ఉంది. పాత పంచాంగం సంపాదించి నవాంశ నేనే వేసుకున్నాను. నేను మాఘ పౌర్ణమినాడు పుట్టాను. రవి కుంభంలో, చంద్రుడు సింహంలో, కుజుడు వృషభంలో ఉన్నారు. మూడూ స్థిర రాశులే. వాటిలో ఏమీ రాదని ముందే తీర్మానం అయిపోయింది కనుక శ్రమ ఎందుకని వాటికి నవాంశ కట్టనే లేదు. మిగిలిన గ్రహాల్లో ఒక్కటీ కుదరలేదు. ఇక మిగిలింది లగ్నం.

నా లగ్నం కన్య. చివరి నుంచి రెండో ముక్కలో ఆగిపోయింది. ఇంకొక్క ముక్క జరిగితే కన్యలో కన్య, వర్గోత్తమం. గ్రహాలు నిదానంగా కదులుతాయి కానీ లగ్నం అలా కాదు. ఒక రాశి దాటడానికి దానికి సుమారు రెండు గంటలు, అంటే ఒక ముక్క దాటడానికి పదమూడు, పద్నాలుగు నిమిషాలు. అంటే నేను ఓ పావుగంట ఆలస్యంగా పుట్టి ఉంటే చాలు. ఇంత చిన్న సాయం మా అమ్మ చెయ్యలేకపోయిందే అని బాధపడ్డాను.

పుట్టిన వేళకి సాక్షి మా పెద్దమ్మ రత్తమ్మ. అమ్మమ్మగారి ఊళ్ళో పురిటిగది బయట కూర్చున్నది ఆవిడే. ఇంట్లో గడియారం లేదు. "టూరింగు టాకీసులో మొదటాట వదిలే వేళకి పుట్టాడు" అన్న ఆవిడ మాట మీదే పురోహితుడు ఎనిమిదీ యాభై అని రాశాడు. నేను పెద్దమ్మ దగ్గర చేరాను.

"పెద్దమ్మా, ఆ రోజు సినిమాలో రీలు తెగిందా?"

"ఏం రీలురా?"

"ఆ రోజుల్లో రీళ్ళు తెగుతుండేవి గదా. తెగితే ఆట ఆలస్యంగా వదుల్తారు. అప్పుడు నేను కూడా ఆలస్యంగా పుట్టినట్టే గదా."

పెద్దమ్మ తమలపాకు నములుతూ నన్ను ఎగాదిగా చూసింది. "ఒరేయ్ మోహనా, నేను నీ తల్లి దగ్గరున్నాను గానీ సినిమాలో లేను. రీలు తెగిందో లేదో నాకేం తెలుసు?"

మా అమ్మ వంటింట్లోంచి, "నన్నడగబాకండి, ఆ నొప్పుల్లో నాకు రాత్రో పగలో కూడా తెలీదు," అంది.

"తెగింది పెద్దమ్మా. నువ్వు గుర్తు చేసుకో. సరళ సంగతి నీకు చెప్పాను గదా."

సరళ పేరు వినగానే పెద్దమ్మ మెత్తబడింది. నేనంటే ఆవిడకు ప్రాణం. "అట్టాగే తెగిందిలే. ఎంతసేపు తెగింది?"

ఇక్కడ పావుగంట అని ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను. సరిహద్దులో ఎందుకు, ఎందుకైనా మంచిదని, "అరగంట," అన్నాను.

అరగంట కలిపి లెక్కకట్టేసరికి లగ్నం కన్య దాటి తులలో మొదటి ముక్కలో పడింది. కన్య చెయ్యిజారిపోయిందనుకున్నాను. నవాంశ చూస్తే అక్కడా తులే. చర రాశికి మొదటి ముక్క వర్గోత్తమం కదా. కన్య చివరి ముక్కా వర్గోత్తమమే, గడప దాటితే తుల మొదటి ముక్కా వర్గోత్తమమే. అటుపడ్డా ఇటుపడ్డా నాదే గెలుపు అని ఎగిరి గంతేశాను. పైగా తులకు అధిపతి శుక్రుడు, పెళ్ళిళ్ళ దేవుడు. దేవుడే నా చేత అరగంట అనిపించాడనుకున్నాను. లగ్నం ఒక రాశి జరిగితే పన్నెండు స్థానాల లెక్కా ఒక గది జరుగుతుందన్న చిన్న విషయం నాకు తట్టలేదు. కొత్త జాతకం శుభ్రంగా పసుపు రాసిన కాగితం మీద వేసుకున్నాను.

పెళ్ళిచూపులకు నాన్న, అమ్మ, పెద్దమ్మ, నేను వెళ్ళాం. వరండాలో మిరపకాయలు గుట్టపోసి ఉన్నాయి. శేషయ్య గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు సవరించుకుని నా కాగితం అందుకున్నారు. తలుపు వెనక సరళ చీర అంచు కనిపిస్తోంది.

"లగ్నం వర్గోత్తమం," అన్నారాయన. ఆయన ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. "తులలో తుల. బాగుందయ్యా. నేనెందుకు ఇంత పట్టు పడతానో తెలుసా? రాశి చక్రం పైకి కనిపించే మనిషి. నవాంశ లోపలి మనిషి, పెళ్ళయ్యాక బయటపడేవాడు. రెండు చోట్లా ఒకే ఇంట్లో ఉన్న గ్రహం పైకొకటి లోపలొకటి ఉండదు. అట్టాగని వర్గోత్తమం అనగానే సంబరపడకూడదు. నీచలో ఉండి వర్గోత్తమమైతే రెండు చోట్లా నీచే. ఏ స్థానంలో కూర్చుంది అన్నది ఇంకో లెక్క. సరే, లగ్నం గడియల్లో మారేది. పుట్టిన వేళ ఎవరు చూశారు?"

"నేనేనండీ," అంది పెద్దమ్మ ముందుకు జరిగి. "మొదటాట వదిలినప్పుడు పుట్టాడు. ఆ రోజు రీలు తెగిందండీ. జనం ఒకటే ఈలలు. టికెట్ల డబ్బులు వెనక్కిమ్మని గోల. అరగంట ఆలస్యంగా వదిలారు. మా వాడు కూడా వాళ్ళతోపాటే బయటికొచ్చాడు."

నేను చెప్పినదానికి ఈలలూ గోలా ఆవిడ సొంతంగా కలిపింది. ఆయన తలూపి, లగ్నం మీద వేలుపెట్టి ఒక్కో గదీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తుల ఒకటి, వృశ్చికం రెండు, ధనుస్సు మూడు. వేలు మెల్లగా తిరిగి వృషభం దగ్గర ఆగింది.

"అష్టమంలో కుజుడు," అన్నారు.

నాకు అప్పుడు వెలిగింది. కన్య నుంచి లెక్కపెడితే వృషభం తొమ్మిదో ఇల్లు, ఏ బాధా లేదు. తుల నుంచి అయితే ఎనిమిది. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండులో కుజుడుంటే కుజదోషం. అందులోనూ ఎనిమిది అంటే జనం మరీ హడలిపోతారు. పెళ్ళాం ప్రాణానికి ముప్పు అంటారు. వర్గోత్తమం కోసం గడప దాటి, బంగారంలాంటి జాతకానికి కుజదోషం నేనే చేతులారా అంటించుకున్నాను.

శేషయ్య గారు ఏమీ మాట్లాడలేదు. కాగితం స్టూలు మీద పెట్టి, లేచి, లోపలి గదివైపు నడిచారు. అయిపోయింది, సరళ ఇక నాకు దక్కదు అనుకున్నాను. ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చునే తెలివి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

"తాతగారూ, ఒక్క నిమిషమండి," అన్నాను లేచి నిలబడి. "రీలు అరగంట తెగలేదేమోనండి."

ఆయన ఆగి వెనక్కి తిరిగారు. "మరి ఎంతసేపు తెగింది?"

"పావుగంటండి. పావుగంటే అయ్యుంటుంది."

పెద్దమ్మకి రోషం వచ్చింది. అంతమందిలో ఆవిడ సాక్ష్యాన్ని కాదన్నాను మరి. "ఏందిరా పావుగంట? అరగంట అని మొన్న నువ్వే గదా నాకు చెప్పింది."

"నేను చెప్పడమేంది పెద్దమ్మా? నువ్వు గదా చూసింది."

"నేనేం చూశాను? నేను పురిటిగది బయట ఉంటే. రీలు తెగిందన్నది నువ్వు, అరగంట అన్నది నువ్వు. ఆ పిల్ల కోసం తెగాలి పెద్దమ్మా అంటే సరే తెగిందిలే అన్నాను."

నాన్న మిరపకాయల గుట్టవైపు చూస్తూ కూర్చున్నారు. తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. నేను చివరి ప్రయత్నంగా, "పోనీ పది నిమిషాలండి," అన్నాను.

"కూర్చో అబ్బాయ్," అన్నారు శేషయ్య గారు. తిరిగొచ్చి ఆయనా కూర్చున్నారు. "రీలు సంగతి వదిలేయ్. అసలు వేళ చెప్పు."

"ఎనిమిదీ యాభై అండి. కన్యా లగ్నమండి. కుజుడు తొమ్మిదో ఇంట్లో ఉన్నాడండి. ఒక్క వర్గోత్తమం కూడా లేదండి. మీరు పిల్లనివ్వరని భయపడి ఈ పని చేశాను. సరళ గారు లేకపోతే నేను బతకలేననుకున్నానండి." ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరపకాయల ఘాటు అని సర్దుకోబోయాను గానీ అప్పటికే నా మాటకు విలువ పోయింది.

ఆయన మళ్ళీ కాగితం తీసుకుని చూశారు. "నవాంశలో రవి, చంద్రుడు, కుజుడు కనపడరేం? ఊరెళ్ళారా?"

"స్థిర రాశుల్లో ఉన్నారండి. స్థిర రాశుల్లో వర్గోత్తమం ఉండదు గదా అని రాయలేదు."

"ఉండదని ఎవరు చెప్పారు?"

"నేనేనండి."

హెడ్మాస్టరు గారు నన్ను బెంచీ ఎక్కించినట్టే చూశారు. "నీ నక్షత్రం?"

"పుబ్బ, మొదటి పాదమండి."

"అందుకే 'మో' అక్షరంతో మోహనరావని పెట్టారు. సింహం అగ్నిరాశి. అగ్నిరాశులకి నవాంశ మేషం నుంచి మొదలు. సింహంలో ముందు మఖ నాలుగు పాదాలు. వేళ్ళ మీద లెక్కపెట్టు."

"మేషం, వృషభం, మిథునం, కర్కాటకం."

"అయిదోది పుబ్బ మొదటి పాదం. ఏమొచ్చింది?"

"సింహమండి."

"సింహంలో సింహం. స్థిర రాశులకి నట్టనడుమ అయిదో ముక్క వర్గోత్తమం. పౌర్ణమి చంద్రుడు, పైగా వర్గోత్తమం. చంద్రుడు ఒక పాదం దాటడానికి ఆరు గంటలు పడుతుందయ్యా. రీలు అరగంట తెగినా, అసలు ఆ రోజు సినిమానే వెయ్యకపోయినా నీకు ఈ యోగం పోదు. రవి కూడా శతభిషం మూడో పాదంలో వర్గోత్తమమే. అది మాత్రం గొప్ప చెప్పుకోబాకు. ఆ మూడు రోజుల్లో పుట్టిన వాళ్ళందరికీ ఉంటుంది."

పుట్టినప్పటి నుంచి పేరులో పెట్టుకుని తిరుగుతున్న యోగం కోసం నేను టూరింగు టాకీసులో రీళ్ళు తెంపుకుంటూ కూర్చున్నాను.

"చంద్రుడంటే మనసు," అన్నారాయన నెమ్మదిగా. "పైనా లోపలా ఒకటే మనసున్నవాడు అబద్ధం ఆడగలడు గానీ నిలబెట్టలేడు. ఇందాక నువ్వు నిలబెట్టలేకపోయావు. మా పిల్లనిస్తాను."

వైశాఖంలో మా పెళ్ళయింది. పెళ్ళిపీటల మీద సరళ నా చెవి దగ్గర, "రీలు తెగలేదుగా?" అని అడిగింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మీరూ నాలాంటివాళ్ళే. ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం మిరపకాయలకు తొడిమలు తీస్తూ సరళ అంది, "మీకో సంగతి చెప్పాలి. నేను పుట్టింది తులా లగ్నంలో. మొదటి ముక్కే. కుజుడు వృషభం."

"నీ జాతకంలో కన్య అని ఉంది గదా."

"తాతయ్య పది నిమిషాలు వెనక్కి జరిపాడు. కన్య చివరి ముక్కయినా వర్గోత్తమమేగా. కుజుడేమో తొమ్మిదికి పోయాడు."

తొడిమ తీయడం ఆపి సరళ ముఖం చూశాను. ఏ గడప మీద నేను ముందుకు గెంతానో అదే గడప మీద మాస్టారు నాకంటే ముందే వెనక్కి జరిగారు. అష్టమ కుజుడు నిజంగా ఉన్నది నా పెళ్ళానికి. గండం నాకు. ఆ ఆదివారమే మార్టూరు బస్సెక్కాను. ఏమీ తెలియనట్టు ఉండాలని దారిపొడుగునా అభ్యాసం చేసుకున్నాను.

శేషయ్య గారు గేటు దగ్గరే నా ముఖం చూసి, "సరళ చెప్పేసిందా?" అన్నారు.

"చెప్పిందండి."

"కూర్చో. ఇక నేనూ చెప్తాను. దానికి అష్టమ కుజుడని బయటపడితే ఎవడూ చేసుకోడని భయపడి వేళ మార్చాను. మార్చినందుకు ఏళ్ళ తరబడి నిద్రపట్టలేదు. అలాంటి దోషమే ఉన్నవాడు దొరికితే రెండూ చెల్లుకు చెల్లు, ఏ బాధా ఉండదు. వచ్చినవాళ్ళలో ఒక్కడికీ లేదు. ఆ రోజు నీ కాగితంలో అష్టమ కుజుణ్ణి చూసి నాకు నోట మాట రాలేదు, సంతోషంతో. పెట్టెలోంచి దాని అసలు జాతకం తెచ్చి ముహూర్తం పెట్టేద్దామని లేచాను. ఇంతలో నువ్వు పావుగంట తగ్గించావు."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన నా భుజం తట్టి, "భయపడబాకు. నీ చంద్రుడు గట్టివాడు, అందుకేగా ఇచ్చాను," అన్నారు. ఆ చంద్రుడి బలమో, సరళ చేతి వంట బలమో, ఇన్నేళ్ళయినా నిక్షేపంగా ఉన్నాను.

కనుక అష్టదిక్కుల సాక్షిగా, పుబ్బ మొదటి పాదాన పుట్టిన నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా పుట్టిన వేళను ఒక్క నిమిషం కూడా కదపను. రెండోది, ఎవరైనా పెద్దమనిషి మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్తుంటే, ఆయన తిరిగొచ్చేదాకా నోరు తెరవను. ఇది సరళకు చదివి వినిపించాను.

"మొదటిది నిలబెట్టుకుంటారు," అంది సరళ. "రెండోది మీ వల్ల కాదు."